ఎరువులు, పురుగుమందుల షాపులో కొత్త పిలగాడు: మొదటి వారం ఏం నేర్పాలి?

నర్సంపేట_షాపు

అందరికీ నమస్తే. మాది నర్సంపేట దగ్గర ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల షాపు. ఇన్నాళ్లూ నేను, మా బావమరిది చూసుకునేవాళ్లం. ఇప్పుడు వానాకాలం గిరాకీ మొదలుకాకముందే ఒక పిలగాణ్ణి పెట్టుకుంటున్నాం. 19 ఏళ్లు, ఇంటర్ పాసయ్యాడు, వాళ్లింట్లోనూ పత్తే వేస్తారు. సోమవారం నుంచి వస్తాడు.

మొదటి వారం ఏ రోజు ఏం నేర్పాలో ఒక కాగితం మీద రాసి గోడకు అతికిద్దామనుకుంటున్నాను. ప్రస్తుతానికి ఇలా అనుకున్నా: మొదటి రోజు ధరలు బట్టీ పట్టించడం, రెండో రోజు ఈపాస్ మిషన్, మూడో రోజు నుంచి కౌంటర్, చివర్లో గోదాం. ఈ వరుస సరిపోతుందా? మీ షాపుల్లో ఎలా చేస్తున్నారో చెప్పండి.

చౌరస్తా_క్లాత్

అన్నా, మాది వరంగల్ చౌరస్తాలో బట్టల షాపు. మేమైతే మొదటి రోజే కౌంటర్ మీద నిలబెడతాం. పక్కన ఒక సీనియర్ ఉంటాడు. గిరాకీతో మాట్లాడితేనే భయం పోతుంది. గోదాంలో కూర్చోబెడితే వారం పోతుంది, పని రాదు. ధరల కాగితం ఇచ్చి నిలబెట్టండి, నాలుగు రోజుల్లో దారిలో పడతాడు.

హన్మకొండ_పాతకాపు

చౌరస్తా తమ్ముడు చెప్పింది బట్టల షాపుకు బాగానే ఉంటుంది. చీర నచ్చకపోతే తెచ్చి మార్చుకుంటారు. మన షాపులో తప్పు డబ్బా ఇస్తే రెండెకరాల పత్తి మాడిపోతుంది, మార్చివ్వడానికి ఏమీ ఉండదు. ఒక్క మాటతో మాత్రం ఏకీభవిస్తా. పక్కన సీనియర్ నిలబడాలి అన్నారు చూడండి, అది మన షాపులోనూ తప్పదు.

నర్సంపేట తమ్మీ, నీ వరుసను తిరగెయ్యి. గోదాం మొదట, కౌంటర్ చివర. ధరలు బట్టీ పట్టించాల్సిన అవసరమే లేదు, అవి డబ్బా మీదే ఉంటాయి, బోర్డు మీదా రాస్తాం. మొదటి రెండు రోజులు పిలగాడి చేత ఒక్కటే పని చేయించు: డబ్బా చూసి చదవడం, చదివింది రాయడం.

నేనెలా చేయిస్తానో చెప్తా. ఒక అట్టపెట్టె ముందు కూర్చోబెడతా. ప్రతి డబ్బా మీద కంపెనీ పెట్టిన పేరు ఒకటి, దాని కింద చిన్న అక్షరాల్లో మందు అసలు పేరు, శాతం ఉంటాయి. తర్వాత బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, ఎంఆర్‌పీ. ఇవన్నీ తన చేత్తో ఒక నోట్‌బుక్కులో రాయాలి. మొదటి పూట విసుక్కుంటాడు. మధ్యాహ్నానికి తానే వచ్చి అడుగుతాడు: "అన్నా, ఈ రెండు డబ్బాల పేర్లు వేరు, కంపెనీలు వేరు, లోపల మందు ఒకటేనా?" అని. ఆ ప్రశ్న అడిగాడంటే లేబుల్ చదవడం వచ్చిందని నేను లెక్క వేసుకుంటా.

డబ్బా మీద డైమండ్ ఆకారంలో గుర్తు ఉంటుంది కదా, దాని కింది సగం రంగు కూడా అదే రోజు చెప్పాలి. ఎరుపు అన్నింటికన్నా విషం, తర్వాత పసుపు, తర్వాత నీలం, చివర ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషం కాదు అనుకుంటారు కొత్తవాళ్లు. కాదని అప్పుడే చెప్పాలి.

రెండో రోజు అవే డబ్బాలు ర్యాకుల్లో సర్దిస్తా. గడువు ముందు ముగిసేది ముందు వరుసలో. గడువు దాటినవి కనిపిస్తే వెంటనే వేరే చోట పెట్టి "అమ్మకానికి కాదు" అని రాయాలి. కౌంటర్ కింద తాత్కాలికంగా పెట్టి మర్చిపోవడం చాలా షాపుల్లో జరిగేదే. తనిఖీకి వచ్చిన సార్లు ముందు వంగి చూసేది కూడా అక్కడే.

జనగామ_ట్రేడర్

పిలగాడు ఇంటర్ అంటున్నారు. పురుగుమందుల షాపులో పనిచేయాలంటే బీఎస్సీ అగ్రికల్చర్ ఉండాలని రూల్ వచ్చింది కదా? అసలు అతన్ని పెట్టుకోవచ్చా? ముందు అది చూసుకోండి.

హన్మకొండ_పాతకాపు

జనగామ సార్, రూల్ ఉన్న మాట నిజమే కానీ అది పనివాళ్లందరికీ కాదు. లైసెన్సుకు చదువున్న మనిషి కావాలి. యజమానికి ఆ చదువు ఉండాలి, లేకపోతే ఉన్నవాళ్లను పెట్టుకోవాలి. పాత డీలర్లు కోర్సు చేసి లైసెన్సు నిలబెట్టుకున్నారు. మనలో చాలామంది చేసిన ఏడాది డిప్లొమా, అదే దేశీ కోర్సు, హైదరాబాద్ మేనేజ్ వాళ్లది. బస్తాలు దించే మనిషికి, బిల్లు రాసే మనిషికి డిగ్రీ అక్కర్లేదు. కానీ మందు పేరు చెప్పేది మాత్రం ఆ చదువున్న మనిషే అయి ఉండాలి. నర్సంపేట తమ్మీ, నీ కాగితంలో అన్నింటికన్నా పైన రాయాల్సింది ఇదే: మొదటి వారం పిలగాడు ఏ రైతుకూ తన నోటితో మందు పేరు చెప్పకూడదు.

వయసు కూడా చూసుకో. 19 అన్నావు, ఆధార్‌లో పుట్టిన తేదీ చూసి జిరాక్స్ పెట్టుకో. 18 నిండనివాళ్లను మన షాపుల్లో పెట్టుకోవద్దు.

సురేశ్_కొత్త

నేను కూడా కొత్తగా చేరాను అన్నా, హార్డ్‌వేర్ షాపులో. పది గంటలకు రమ్మన్నారు, రాత్రి ఎప్పుడు వదులుతారో చెప్పలేదు. వారానికి సెలవు ఏ రోజో కూడా తెలీదు. ఇలాంటివి మొదటి రోజే చెప్పాలి కదా? నాకైతే అడగాలంటేనే టెన్షన్‌గా ఉంది.

నర్సంపేట_షాపు

సురేశ్ తమ్మీ, చెప్పాలి. నా కాగితంలో అది లేదు, ఇప్పుడే రాసుకుంటున్నా: జీతం ఎంత, ఏ తేదీన ఇస్తాం, ఎన్ని గంటలు, ఏ రోజు సెలవు.

ములుగురోడ్డు_అక్క

సురేశ్, రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు, వారంలో ఒక రోజు సెలవు అని మన షాపుల చట్టంలోనే ఉంది. గొడవ పడకుండా "సార్, నా సెలవు ఏ రోజు పెట్టుకోమంటారు?" అని అడుగు. అలా అడిగితే రోజు చెప్పక తప్పదు.

ఇక అసలు విషయానికి. మా షాపు నేను, మా ఆయన కలిసి నడుపుతాం. పాతకాపు అన్న గోదాం మొదట అన్నారు, నాదీ అదే మాట. ఒక్కటి కలుపుతా. డబ్బా ముట్టుకోవడానికి ముందే, కారిన మందును ఏం చేయాలో చూపించాలి. లోడు దిగిన రోజు పెట్టెల్లో ఒకటో రెండో మూతలు వదులై కారుతూనే ఉంటాయి. కొత్త పిల్లలు చేసే మొదటి పని చీపురు తెచ్చి బకెట్ నీళ్లు పోయడం. ఆ నీళ్లు మోరీలోకి పోతాయి, చెప్పుల కింద షాపంతా తిరుగుతాయి. మా దగ్గర గోదాం మూలలో ఒక ప్లాస్టిక్ టబ్బులో పొడి ఇసుక, చిన్న పార, చేతి గ్లౌజులు ఎప్పుడూ ఉంటాయి. కారిన చోట ఇసుక పోయాలి, పీల్చుకున్నాక పారతో ఎత్తి వేరే సంచిలో కట్టాలి. మొదటి రోజు మామూలు నీళ్లు కింద పోసి, మందు అనుకుని ఎత్తమంటా. ఒక్కసారి చేస్తే గుర్తుంటుంది.

గోదాంలో తినకూడదు, టీ తాగకూడదు. సబ్బుతో చేతులు కడగనిదే టిఫిన్ డబ్బా తెరవకూడదు. కంట్లో పడితే రుద్దకుండా 15 నిమిషాలు మంచినీళ్ల ధార కింద కడగాలి. ఆసుపత్రికి పోయేటప్పుడు ఆ మందు లేబుల్ తీసుకెళ్లాలి. డాక్టర్లు ముందు అడిగేది "ఏ మందు?" అనే.

ఇంకోటి, లీటరు డబ్బా తెరిచి పావులీటరు పోసివ్వమని అడిగేవాళ్లుంటారు. విడిగా పోసి అమ్మడం లేదని చెప్పడం మొదటి రోజే నేర్పాలి. తెలిసిన ముఖం అడిగినప్పుడు కాదనడం కొత్తవాళ్లకు కష్టం. "మా అక్క ఒప్పుకోదు" అని నా మీదకు తోయమని చెప్తా.

పత్తి_రైతు_పర్వతగిరి

నేను షాపువాణ్ణి కాదు, కొనేవాణ్ణి. ఐనా ఒక మాట చెప్పనివ్వండి. మీ కొత్త పిల్లలకు బిల్లు రాయడం నేర్పండి. ధర కాదు, లాట్ నంబరు.

మా ఊళ్లో ఒకాయన పత్తి గింజలు మూడు ప్యాకెట్లు కొన్నాడు. బిల్లు మీద ఒకటే లాట్ నంబరు రాశారు. ఒక ప్యాకెట్ పెట్టిన చోట మొలక బాగానే వచ్చింది. మిగతా రెండు పెట్టిన చోట సాళ్లకు సాళ్లు ఖాళీ. ఏఓ సార్‌కు దరఖాస్తు పెట్టాడు, కంపెనీ మనిషి వచ్చి చూశాడు. ఖాళీ ప్యాకెట్ల మీద లాట్ ఒకటి, బిల్లు మీద ఇంకొకటి. "ఈ లాట్ మీరు ఆ షాపులో కొన్నట్టు ఎక్కడుంది?" అన్నాడు. ఆ మాట దగ్గరే ఆగిపోయింది. షాపువాళ్లు కావాలని చేశారని నేననను. కొత్త పిలగాడు పైనున్న ప్యాకెట్ చూసి రాసి, కింది రెండూ తీసి ఇచ్చి ఉంటాడు. నష్టం మాత్రం రైతుది.

హన్మకొండ_పాతకాపు

అన్నా, ఇది రాసినందుకు దండం. ఒకే అట్టపెట్టెలో రెండు లాట్లు రావడం అరుదేమీ కాదు. సగం ఖాళీ అయిన పెట్టెలో కొత్త పెట్టె ప్యాకెట్లు కలిపేసినా అదే జరుగుతుంది. అందుకే మా షాపులో రెండు పద్ధతులు పెట్టుకున్నాం. పాత పెట్టె పూర్తిగా ఖాళీ అయ్యేదాకా కొత్త పెట్టె తెరవం. బిల్లు రాసేవాడు ర్యాకు చూసి రాయడు. రైతు ముందు కౌంటర్ మీద పెట్టిన ప్యాకెట్లను ఒక్కొక్కటీ తిప్పి, లాట్ పైకి చదివి, బిల్లులో ఎక్కిస్తాడు. లాట్లు రెండైతే బిల్లులో వరుసలు రెండు. రైతు పేరు, ఊరు, రకం, గడువు అన్నీ రాశాక రైతు సంతకం. మూడు ప్యాకెట్లకు రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. జూన్ మొదటి వానకు బయట యాభై మంది నిలబడి ఉన్నా సరే, ఆ రెండు నిమిషాలు తగ్గించకూడదు.

నర్సంపేట తమ్మీ, మూడో రోజు మొత్తం బిల్లుకే ఇవ్వు. నిజం బిల్లులు కాదు, ఉత్త బిల్లులు. నువ్వు రైతువి, అతను షాపు. కావాలని రెండు లాట్లు కలిపి ఇచ్చి చూడు. పట్టుకున్నాడా లేదా తెలుస్తుంది. ధర కూడా కలిపి చూడు. 2025 వానాకాలానికి బీజీ-2 పత్తి 475 గ్రాముల ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలుగా ఉండె. దానికి మించి ఒక్క రూపాయి తీసుకున్నా కేసే. "చిల్లర లేదు, 910 తీసుకో" అని రైతే అన్నా తీసుకోకూడదని పిలగాడికి తెలియాలి.

ఇంకా, ఎవరైనా వచ్చి "గడ్డిమందు కొట్టినా చావని పత్తి గింజలు ఉన్నాయా?" అని అడుగుతారు. ఆ రకం పత్తికి మన దేశంలో అనుమతి లేదు. "మా దగ్గర లేవు" అనడమే కాదు, "ఫలానా చోట దొరుకుతాయంట" అని కూడా అనకూడదు.

జనగామ_ట్రేడర్

ఈపాస్ గురించి ఎవరూ రాయలేదు. యూరియా సీజన్‌లో మిషన్ రాకపోతే పిలగాడు ఎందుకూ పనికిరాడు. నేనైతే రెండో రోజే మిషన్ చేతికి ఇస్తా. ముసలి రైతులకు వేలిముద్ర పడదు, లైను ఆగిపోతుంది. అలాంటప్పుడు షాపులో ఎవరిదో ఒకరి ఆధార్ మీద కొట్టేసి బస్తా ఇచ్చేయడమే, తర్వాత సర్దుకోవచ్చు. లెక్క సరిపోతే చాలు కదా.

హన్మకొండ_పాతకాపు

మిషన్ తొందరగా నేర్పాలన్నారు, సరే. రెండో సగం మాత్రం దయచేసి ఎవరికీ నేర్పకండి. ఒకే ఆధార్ మీద పదుల కొద్దీ బస్తాలు ఎక్కితే అది పై ఆఫీసుల్లో జాబితాగా కనిపిస్తుంది. ముందు విచారణకు వచ్చేది అలాంటి పేర్ల మీదే. ఆ పేరు కొత్త పిలగాడిదైతే అతని బతుకు పాడైనట్టే. అతని ఆధార్‌ను షాపు పనికి వాడబోమని మొదటి రోజే మాటివ్వండి.

వేలు పడకపోతే చేయాల్సిన వరుస ఒకటుంది. తడిగుడ్డతో వేలు తుడిపించి ఆరనివ్వాలి, మిషన్ అద్దం కూడా తుడవాలి. వేరే వేలు పెట్టించాలి. అప్పటికీ పడకపోతే ఇంట్లో వేరేవాళ్లను ఆధార్‌తో రమ్మనాలి. ఈలోపు ఆ రైతును లైను చివరకు పంపొద్దు, పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాలి. వేలిముద్ర పడనిదే బస్తా కదలదు.

ఇలా ఎందుకంటే, సాయంత్రం లెక్క చూడండి. పొద్దున మిషన్‌లో 212 బస్తాల యూరియా ఉంది. ఆ రోజు కొత్త లోడు రాలేదు. మిషన్‌లో 64 అమ్మినట్టు ఉంది. గోదాంలో 148 ఉండాలి. పిలగాడు లెక్కపెడితే 145 వచ్చాయి. అతను ముందు అనుకునేది "లెక్క తప్పానేమో" అని. మళ్లీ లెక్కపెట్టినా 145. మూడు బస్తాలు ఎటుపోయాయి? నేను చూసినంతవరకు కారణం రెండింట్లో ఒకటే. వేలు పడలేదని "సాయంత్రం వచ్చి పెడతాలే" అన్న మనిషికి బస్తాలు ఇచ్చేసి ఉంటారు. లేకపోతే బిల్లు ఒక బస్తాకు కొట్టి, ఆటోలో రెండు వేసి ఉంటారు. ఆ రోజు సాయంత్రమే అడిగితే ఎవరికిచ్చారో గుర్తుంటుంది, ఫోన్ చేసి పిలిపించొచ్చు. వారం తర్వాత తనిఖీలో తేలితే షాపు మీద నోటీసు.

దీని తలకిందులు ఇంకోటి ఉంది. లోడు దిగింది, మిషన్‌లో ఇంకా తీసుకున్నట్టు నొక్కలేదు. అప్పుడు గోదాంలో ఎక్కువ, మిషన్‌లో తక్కువ. అదీ తప్పే. అందుకే లోడు దిగిన గంటలోపు మిషన్‌లో ఎక్కించాలి, అదీ యజమాని చేయాలి.

పిలగాడికి మొదటి వారం మిషన్ మీద అమ్మకం చేయడం చాలు. లాగిన్ మాత్రం నీ దగ్గరే పెట్టుకో.

నర్సంపేట_షాపు

అన్నా, ఇది చాలా పనికొచ్చింది. సాయంత్రం బస్తాల లెక్క మేం రోజూ చేసేది కాదు, వారానికోసారి చూసుకునేవాళ్లం. ఇకనుంచి రోజూ పిలగాడే లెక్కపెట్టి, బోర్డు మీద నిల్వ రాస్తాడు. బోర్డు ఎలాగూ రోజూ రాయాల్సిందే.

ఇంకో సందేహం. 2025 ఆగస్టులో యూరియాకు ఎంత లైన్లు ఉన్నాయో అందరూ చూశారు, చెప్పులు, పాస్‌బుక్కులు వరుసలో పెట్టి కూర్చున్నారు. అలాంటి రోజు వస్తే కొత్త పిలగాణ్ణి ఎక్కడ నిలబెట్టాలి?

ములుగురోడ్డు_అక్క

లైను దగ్గర వద్దు తమ్ముడూ. కోపంగా ఉన్న వందమందికి సమాధానం చెప్పడం వారం రోజుల పిలగాడి వల్ల కాదు. బస్తాలు ఆటోలో వేసే చోట పెట్టు, చేతిలో బిల్లు చూసి అన్నే బస్తాలు ఎక్కించనివ్వు. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలని బోర్డు మీద పెద్దగా రాయించు. ఇంకోటి గట్టిగా చెప్పు: యూరియాతో పాటు జింకు కొనాలి, నానో బాటిల్ కొనాలి అని ఎవరితోనూ అనకూడదు. అది మామూలు రోజుల్లోనూ తప్పే, కొరత రోజుల్లో అయితే మరీ అన్యాయం.

కాజీపేట_ఏజీ

నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి ఒక షాపులో రెండు సీజన్లుగా సలహా చెప్పే పని చేస్తున్నా. గడ్డిమందుల గురించి రాస్తా, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువ నష్టం చేసేది అక్కడే.

రైతు వచ్చి "గడ్డిమందు ఇయ్యి" అంటాడు, అంతే. పురుగుమందు తప్పుగా ఇస్తే పురుగు చావదు, అంతవరకే. గడ్డిమందు తప్పుగా ఇస్తే పంటే చస్తుంది. మక్కలో విత్తిన 48 గంటల్లోపు కొట్టే అట్రజిన్‌ను పత్తిలో కొట్టకూడదు. 2,4-డి సంగతి ఇంకా ఘోరం. పత్తి మీద గాలికి కొంచెం పడినా లేత ఆకులు సన్నగా సాగి బెండాకులా తయారవుతాయి, చెట్టు ఎదగదు. కొన్నిసార్లు రైతు పత్తికి సరైన మందే కొట్టి ఉంటాడు. కానీ అంతకుముందు వరిగట్టు మీదో మక్కలోనో 2,4-డి కొట్టిన పంపును సరిగ్గా కడక్కుండా వాడి ఉంటాడు. తర్వాత షాపు మీదకు వస్తాడు.

కాబట్టి పిలగాడు డబ్బా తీయకముందే మూడు అడగాలి. ఏ పంట? విత్తి ఎన్ని రోజులైంది? గడ్డి సన్నాకా, వెడల్పాకా? సమాధానాలు చీటీ మీద రాసి మీ చేతికివ్వాలి. మందు మీరు చెప్పాలి. ఉదాహరణకు "పత్తి, 22 రోజులు, రెండు రకాల గడ్డీ ఉంది, ఎకరం" అని చీటీ వచ్చిందనుకోండి. మన దగ్గర మామూలుగా చెప్పేది ఎకరాకు పైరిథయోబ్యాక్ సోడియం 250 మిల్లీలీటర్లు, క్విజలోఫాప్ ఇథైల్ 400 మిల్లీలీటర్లు. మొదటిది వెడల్పాకుకు, రెండోది సన్నాకుకు. చీటీ మీద సన్నాకు ఒక్కటే ఉంటే రెండోది చాలు, రైతుకు ఒక డబ్బా ఖర్చు మిగులుతుంది. ఆ చీటీ లేకపోతే ఇది తెలిసే వీలే లేదు.

ర్యాకులు కూడా పంటవారీగా విడదీయండి. పత్తి గడ్డిమందులు ఒకచోట, మక్కవి వేరే గోడకు. ఒకే రంగు మూత, ఒకే సైజు డబ్బా పక్కపక్కన ఉంటే ఎవరికైనా చేయి తప్పుతుంది.

చౌరస్తా_క్లాత్

మీ షాపులో ఇంత ఉందని నిజంగా తెలీదు. నా మాట వెనక్కి తీసుకోను కానీ, మీకది సరిపోదని ఒప్పుకుంటా.

గల్లా గురించి ఒకటి అడుగుతా. కొత్తవాళ్లు ఉన్నప్పుడు సాయంత్రం డబ్బులు తక్కువ వస్తే ఏం చేస్తారు? మేం జీతంలో కోస్తాం.

సురేశ్_కొత్త

కోస్తే ఎలా అన్నా? గల్లాలో నలుగురు చేతులు పెడతారు. తక్కువ వస్తే కొత్తవాడే దొరుకుతాడు.

ములుగురోడ్డు_అక్క

సురేశ్ చెప్పింది న్యాయమే. మేం మొదటి నెల గల్లా ఇవ్వం. ఫోన్ పే చేస్తే స్పీకర్‌లో పైకం పలకాలి, లేదా మా ఫోన్‌లో మెసేజ్ చూడాలి. రైతు తన ఫోన్‌లో చూపించే స్క్రీన్ లెక్కలోకి రాదు. ఉద్దెర ఖాతా పుస్తకం కూడా మేమే రాస్తాం. కోత ఎప్పుడూ పెట్టలేదు.

హన్మకొండ_పాతకాపు

నేను కోస్తాను, కానీ అతని మాట విన్నాకే, గల్లా అతనొక్కడి చేతిలో ఉన్న రోజుకే. దీనిమీద అక్కకూ నాకూ ఎప్పుడూ కుదరదు. మొదటి వారం వరకైతే గల్లా ముట్టనివ్వొద్దు, అంతవరకు ఇద్దరం ఒకటే.

ములుగురోడ్డు_అక్క

ఇంకో విషయం ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. మన ప్రాంతంలో పురుగుమందు తాగి పోయినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కాజీపేట తమ్ముడు చెప్పిన మూడు ప్రశ్నలు అందుకూ పనికొస్తాయి. ఏ పంటకో చెప్పలేక, ఏదో ఒకటి ఇవ్వు అనే మనిషి, తాగి వచ్చిన మనిషి, ఏడ్చిన ముఖంతో వచ్చిన ఆడమనిషి, చిన్నపిల్లలు. వీళ్లెవరికీ పిలగాడు అమ్మకూడదు. కాదని పంపేయనూ కూడదు. "కూర్చో పెద్దమ్మా, నీళ్లు తాగు, మా అన్న వస్తున్నాడు" అని కూర్చోబెట్టి మిమ్మల్ని పిలవాలి. మీరు మాట్లాడండి, ఇంటివాళ్లకు ఫోన్ చేయండి. 14416 టెలిమానస్ నంబరు కౌంటర్ లోపలి వైపు అతికించుకోండి, అక్కడ తెలుగులో మాట్లాడతారు. ఇది పిలగాడికి మొదటి రోజే చెప్పాలి. పెద్ద మాట అని దాటెయ్యకండి.

నర్సంపేట_షాపు

అక్కా, తప్పకుండా చెప్తా. అందరి మాటలూ కలిపి కాగితం మళ్లీ రాశాను. చూసి తప్పులుంటే చెప్పండి.

సోమవారం: జీతం, గంటలు, సెలవు రోజు కాగితం మీద రాసి ఇస్తా. ఆధార్ జిరాక్స్ వయసు కోసమే, దాని మీద ఒక్క బస్తా కొట్టను. ఇసుక టబ్బు, గ్లౌజులు, సబ్బు చూపించి, నీళ్లు పోసి ఇసుకతో ఎత్తిస్తా. ఎవరికి అమ్మకూడదో, అప్పుడు నన్ను ఎలా పిలవాలో చెప్తా. మధ్యాహ్నం నుంచి లేబుళ్లు చదివి రాయడం.

మంగళవారం ర్యాకులు సర్దడం, గడువు దాటినవి వేరు చేయడం. గడ్డిమందులు పంటవారీగా ఇద్దరం కలిసి మారుస్తాం. ఈ రోజు నుంచి సాయంత్రం బస్తాల లెక్క అతనిదే.

బుధవారం మొత్తం ఉత్త బిల్లులు. రెండు లాట్లు కలిపి ఇస్తా, పట్టుకోవాలి. పట్టుకోకపోతే గురువారం కూడా బిల్లులే.

గురువారం, శుక్రవారం ఈపాస్, నేను పక్కనుండగా. వేలు పడకపోతే చేసే వరుస మిషన్ పక్కనే రాసి అతికిస్తా.

శనివారం కౌంటర్ దగ్గర చీటీ రాయడం మాత్రమే. మందు పేరు నేనే చెప్తా. గల్లా, ఉద్దెర పుస్తకం ఈ వారం లేవు.

కాజీపేట_ఏజీ

బాగుంది. చీటీలో "ఎన్ని ఎకరాలు" కూడా కలపండి. కొందరు గుంటల్లో చెప్తారు, గుంటల్లో చెప్తే గుంటల్లోనే రాయమనండి. లెక్క మీరు కట్టండి. ఎన్ని పంపులు పడతాయో కూడా అడగాలి, పంపు 16 లీటర్లదా 20 లీటర్లదా అన్నది రైతుకే తెలుసు.

పత్తి_రైతు_పర్వతగిరి

ఒక్కటే చిన్న సంగతి అన్నా. మీ మిషన్ బిల్లు మెత్తటి కాగితం మీద వస్తుంది కదా, అది జేబులో చెమటకు, ఎండకు నెలలో తెల్లగా అయిపోతుంది. లాట్ నంబరు ఎంత సరిగ్గా రాసినా అప్పుడు కనబడదు. గింజల బిల్లు మటుకు చేతి బిల్లు పుస్తకంలో కార్బన్ పెట్టి రాసివ్వమని మీ పిలగాడికి చెప్పండి. లేకపోతే బిల్లును, ప్యాకెట్ వెనకవైపును కలిపి రైతు ఫోన్‌లోనే ఫొటో తీసి ఇవ్వమనండి. మాలో చాలామందికి ఫోన్ ఉంది కానీ ఆ ఫొటో తీయాలని తట్టదు.

నర్సంపేట_షాపు

బుధవారం కింద రాసుకున్నా అన్నా. కార్బన్ పుస్తకం ఈరోజే తెప్పిస్తా.